‘ఎవులూ రానేదు’లో మైనస్‌లు ఎన్ని?

*మా తమ్ముడు ఇంగ్లీషు పేపర్లో ‘నోబడీ డిడ్ నాట్ కం’ అని రాస్తే మాస్టారు కొట్టేశారు. ‘రెండు నెగటివ్‌లు కలిస్తే పాజిటివ్, లెక్కల్లో మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అయినట్టే’ అన్నారంట. మరి మనం ‘ఎవరూ రాలేదు’ అంటాం కదా, అందులోనూ రెండున్నాయి. తెలుక్కి లాజిక్ లేదనుకోవాలా? మాది శ్రీకాకుళం దగ్గర.*

మాస్టారు ఆ వాక్యం కొట్టెయ్యడం సబబే. చెప్పిన కారణం మాత్రం నిలవదు. నేను రాజాం వైపు ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను, అంతకు ముందు భాషాశాస్త్రం చదువుకున్నాను. కాబట్టి ఈ గొడవ నాకు రెండు వైపుల నుంచీ తెలుసు.

ముందు లెక్క సంగతి. మైనస్, మైనస్ కలిసి ప్లస్ అయ్యేది హెచ్చవేసినప్పుడే. కూడితే ఇంకా కిందికే పోతుంది. అప్పు మీద అప్పు చేసినవాడికి ఆస్తి మిగలదు. వాక్యంలో నిషేధాలు, అంటే ‘కాదు’, ‘లేదు’లాంటివి, ఎలా కలుస్తాయన్నది ఆ భాష వ్యాకరణం తేల్చాలి, లెక్కల పుస్తకం కాదు. అసలు దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ‘ఎవరూ రాలేదు’లో నిషేధాలు నిజంగా రెండున్నాయా?

లేవు. ఒక్కటే ఉంది, అది క్రియలో ఉంది. ‘ఎవరూ’ని విడదీసి చూడండి. ఎవరు, దాని చివర దీర్ఘం. ‘అన్నయ్యా వచ్చాడు, వదినా వచ్చింది’ అన్నప్పుడు వచ్చే దీర్ఘమే ఇది, ‘కూడా’ అని దాని అర్థం. ‘ఒక్కడూ రాలేదు’, ‘గింజా మిగల్లేదు’ అంటాం. ఒక్కడు, గింజ అనేవి కాదనే మాటలని మనం అనుకోం కదా. ‘ఎవరూ’ది కూడా అదే వరస: ఎవర్ని తీసుకున్నా సరే, ఆ మనిషి కూడా రాలేదు అని.

నమ్మకం కుదరకపోతే ‘ఎప్పుడూ’ని చూడండి. ‘వాడు ఎప్పుడూ వస్తాడు’ అంటే అస్తమానూ వస్తాడని. ‘వాడు ఎప్పుడూ రాడు’ అంటే ఒక్కసారీ రాడని. మాట అదే, దీర్ఘం అదే. కాదనే పనంతా ‘రాడు’ చేసింది. ‘ఎప్పుడూ’ లోపలే నిషేధం కూర్చుని ఉంటే మొదటి వాక్యానికి ఆ అర్థం రావడానికి దారే లేదు.

అయితే ‘ఎవరూ’, ‘ఏమీ’, ‘ఎక్కడా’ అంత స్వతంత్రమైనవి కావు. ‘ఎవరూ వచ్చారు’ అనలేం. ఇవి కాదనే క్రియను ఆనుకుని బతికే మాటలు. అందుకే వాటిలోనే ‘లేదు’ ఉన్నట్టు మన చెవికి అనిపిస్తుంది. మన వైపు ముసలమ్మలు ‘ఎవులూ ఏటీ సెప్పనేదు బావూ’ అంటారు. అందులో కాదన్నది ‘నేదు’ ఒక్కటే. ‘ఎవులూ ఎప్పుడూ ఎక్కడా ఏటీ సెప్పనేదు’ అని ఇంకో రెండు చేర్చినా ఆ ఒక్కటే. ఎన్ని చేర్చినా అర్థం తిరగబడదు, గట్టిపడుతుందంతే. పక్కనున్న ఒడియాలోనూ ఇదే పద్ధతి: ‘కెహి ఆసిలే నాహిఁ’ అంటారు. ఇచ్ఛాపురం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మాస్టారి లెక్కని తెలుగు మీదే పెట్టి చూద్దాం. పెళ్లికి ఎవరొచ్చారని అడిగితే ఒకాయన ‘ఎవరూ రాలేదని కాదు, వచ్చినవాళ్లు భోజనానికి ఉండలేదు’ అన్నాడనుకోండి. మొదటి ముక్కలో ‘ఎవరూ’, ‘లేదు’, ‘కాదు’ మూడు కనిపిస్తాయి. మూడు మైనస్‌లు హెచ్చవేస్తే మైనస్, అంటే పెళ్లికి ఎవరూ రానట్టు. కానీ కొందరు వచ్చారనే కదా మనందరికీ అర్థమయ్యేది? ‘ఎవరూ’ని లెక్కలోంచి తీసేసి ‘లేదు’, ‘కాదు’ అనే రెండింటినే లెక్కపెడితే జవాబు సరిగ్గా వస్తుంది. అంటే రెండు నిషేధాలు కొట్టేసుకోవడం మన తెలుగులోనూ ఉంది. కాకపోతే అవి రెండు నిజమైన నిషేధాలు, రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. ‘ఆ మాటలో నిజం లేకపోలేదు’, ‘తెలియక కాదు’, ‘ఎల్లకపోతే అవదు’, ఇవన్నీ ఆ బాపతే. చివరిదానికి వెళ్లి తీరాలని అర్థం. (‘నిజం లేకపోలేదు’కీ ‘నిజం ఉంది’కీ మళ్లీ తేడా ఉంది. మొదటిది అన్నవాడు కొంచెం వెనక్కి తగ్గి అంటున్నాడు. లెక్కల్లో ఆ తగ్గడం ఉండదు.)

ఇక ప్రపంచంలో కొన్ని భాషలు ఇంకో మెట్టు పైన ఉన్నాయి. వాటిలో ‘ఎవరూ’లాంటి మాటలోనే నిషేధం ఉంటుంది, అయినా క్రియకి మళ్లీ నిషేధం తగిలించాలి. రష్యన్‌లో ‘ఎవరొచ్చారు?’ అని అడిగితే ‘నిక్తో’ అని ఒక్క మాటతో ఆపెయ్యవచ్చు, ఎవరూ రాలేదనే అర్థం. పూర్తి వాక్యం చెప్పాలంటే మాత్రం ‘నిక్తో నె ప్రిషోల్’ అనాలి. ఆ ‘నె’ క్రియకి తగిలిన ‘లేదు’. అది వదిలేస్తే తప్పు. మనం అదే ప్రశ్నకి ఒట్టి ‘ఎవరూ’ అని ఊరుకుంటే మాట మధ్యలో తెగినట్టుంటుంది, ‘రాలేదు’ అని ముగించాల్సిందే. రష్యన్ మాటకీ మన మాటకీ తేడా అక్కడ తెలుస్తుంది.

ఇటాలియన్‌ది మరీ తమాషా. ‘ఎవరూ’కి వాళ్ల మాట ‘నెస్సూనో’. అది క్రియకి ముందొస్తే క్రియకి నిషేధం అక్కర్లేదు: ‘నెస్సూనో హా టెలిఫొనాటో’, ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అదే మాట క్రియ తర్వాతికి వెళితే ముందు ‘నొన్’ పెట్టి తీరాలి: ‘నొన్ హా టెలిఫొనాటో నెస్సూనో’. అర్థంలో నిషేధం రెండింటిలోనూ ఒక్కటే. దీన్నే నెగటివ్ కాంకార్డ్ అంటారు, అంటే ఒకే నిషేధం వాక్యంలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల కనబడడం.

ఇది లాజిక్‌కి విరుద్ధం అనేవాళ్లని నేను అడిగేది ఒకటే. ‘పిల్లలు వచ్చారు’లో బహువచనం ఎన్నిసార్లుంది? ‘పిల్లలు’లో ఒకసారి, ‘వచ్చారు’లో ఒకసారి. అలాగని పిల్లల గుంపులు రెండు వచ్చాయని అనుకోం కదా. ఒకే సంగతి రెండు మాటల మీద ముద్ర పడింది, అంతే. నిషేధానికి కూడా కొన్ని భాషలు అదే పని చేస్తాయి. అర్థం దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే లెక్కలోకి వస్తుంది, మిగిలినవి దానికి తాళం వేసేవి. హాస్పెల్మాత్ అనే భాషావేత్త 206 భాషల్లో ‘ఎవరూ రాలేదు’లాంటి వాక్యాలు పోల్చి చూస్తే, 170 భాషల్లో ఆ మాటతో పాటు క్రియకీ నిషేధం తగులుతోంది. అంటే బడి ఇంగ్లీషు తీరే అరుదు, మన తీరు కాదు.

ఇంగ్లీషు కూడా మొదట్నుంచీ ఇలా లేదు. 14వ శతాబ్దంలో చాసర్ అనే ఇంగ్లీషు కవి ఒక వీరుణ్ణి మెచ్చుకుంటూ, అతను ఎవరితోనూ ఎన్నడూ మోటుమాట అనలేదని చెప్పడానికి నాలుగు నిషేధాలు వరసగా పేర్చాడు. తర్వాతి కాలంలో చదువుకున్నవాళ్ల రాతలోంచి ఆ పద్ధతి మెల్లగా తప్పుకుంది. అది దాదాపు పోయాక, 1760ల్లో రాబర్ట్ లౌత్ వ్యాకరణంలో రెండు నిషేధాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయన్న సూత్రం ఎక్కింది. మాస్టారు చెప్పింది ఆ వరసలో వచ్చిన మాటే. అమెరికాలో నల్లవారి ఇంగ్లీషులో, లండన్ బస్తీల్లో ‘ఐ డిడ్ంట్ సీ నోబడీ’ ఇప్పటికీ మామూలు మాట, దానికీ నియమాలున్నాయి. పరీక్షలో అడిగే ఇంగ్లీషు అది కాదు, అంతే తేడా.

మీ తమ్ముడి వాక్యానికి వద్దాం. మా పిల్లాడొకడు పంచాయతీకి ఉత్తరం రాయమంటే ‘నోబడీ డిడ్ నాట్ కం టు రిపేర్ ది బోర్’ అని రాశాడు. తరగతిలో చదివిస్తే, బోరు బాగుచెయ్యడానికి ఎవరూ రాలేదనే అందరికీ అర్థమైంది, ఎందుకంటే అందరూ దాన్ని తెలుగులో విన్నారు. బడి ఇంగ్లీషులో మాత్రం ‘నోబడీ’ లోపలే పూర్తి నిషేధం ఉంది. దానికి ‘నాట్’ కలిపితే నిజంగానే రెండవుతాయి. తెలుగులో చెప్పాలంటే ‘రానివాడు లేడు’. అంటే పంచాయతీ వాళ్లు ఒక్కరూ మిగలకుండా వచ్చి బోరు బాగుచేసి వెళ్లినట్టు!

సరేనని ‘ఎవరూ అంటే ఎనీబడీ’ అని చెప్పి వదిలేస్తే ఇంకో తప్పు పుడుతుంది: ‘ఎనీబడీ డిడ్ నాట్ కం’. ఇదీ చెల్లదు. మన ‘ఎవరూ’లాగే ‘ఎనీబడీ’ కూడా నిషేధాన్ని ఆనుకుని బతికేదే. అయితే ఇంగ్లీషులో ఆ నిషేధం దానికంటే ముందే వచ్చి ఉండాలి. మనకి క్రియ వాక్యం చివర ఉంటుంది, నిషేధమూ అక్కడే ఉంటుంది కాబట్టి ‘ఎవరూ’ ఎప్పుడూ ముందే వచ్చేస్తుంది, మనకది ఇబ్బంది కాదు. ఇంగ్లీషులో కర్త స్థానం ‘నాట్’ కంటే ముందుంది. అక్కడ ‘ఎనీబడీ’ని ఆదుకునే దిక్కుండదు. అందుకని ‘నాట్’ని తీసి కర్తలోనే కలిపేస్తారు, అలా వచ్చిందే ‘నోబడీ కేమ్’.

మీ తమ్ముణ్ణి ఇలా చెయ్యమనండి. తెలుగు వాక్యంలో చివరి ‘లేదు’ని ముందు వేలితో మూసెయ్యాలి. ఆ నిషేధాన్ని ఇంగ్లీషు వాక్యంలో వీలైనంత ముందు ఒక్కచోటే పెట్టాలి. దాని తర్వాత వచ్చే ఎవరికీ, ఏమీ, ఎక్కడా అన్నీ ‘ఎనీ’లే. కర్త ‘ఎవరూ’ అయితే ‘నోబడీ’, క్రియలో మళ్లీ ‘నాట్’ ఉండకూడదు. కర్త వేరే ఎవరైనా అయితే క్రియకి ‘డిడ్ నాట్’: ‘హీ డిడ్ నాట్ టెల్ ఎనీబడీ ఎనీథింగ్’. ‘ఎవులూ ఎవులికీ ఏటీ సెప్పనేదు’ అన్నదాన్ని ఇదే పద్ధతిలో పెడితే ‘నోబడీ టోల్డ్ ఎనీబడీ ఎనీథింగ్’ వస్తుంది. ‘నోబడీ టోల్డ్ నోబడీ నథింగ్’ అని రాసినా అలా మాట్లాడే అమెరికా వాళ్లు తప్పనుకోరు, ఇంటర్ బోర్డు మార్కులు మాత్రం వెయ్యదు.