గడప ఎత్తు 24 అంగుళాలైతే ర్యాంప్ 24 అడుగులతో అయిపోదు

ప్రశ్న: మా ఇంటి గడప నేల మీంచి 24 అంగుళాలు ఉంది. అంగుళానికి అడుగు చొప్పున 24 అడుగుల ర్యాంప్ వేయిస్తే వీల్‌చైర్‌కి సరిపోతుందా? మధ్యలో ఫ్లాట్‌గా వదలడం కచ్చితంగా అవసరమా?

సరిపోదండి. మర్యాదకి "సరిపోకపోవచ్చు" అనొచ్చు గానీ నేననను. మీరు ఆ 24 అంగుళాలు ఎక్కడ కొలిచారు? గడప కింద, గోడకి ఆనించి టేపు నిలబెట్టి కొలిచుంటారు, అందరూ అక్కడే కొలుస్తారు. కానీ ర్యాంప్ దిగేది అక్కడ కాదు కదా, ఎక్కడో పాతికా ముప్పై అడుగుల అవతల దిగుతుంది, అక్కడ నేల ఎంత పల్లంలో ఉందో చూసినవాణ్ణి నేనైతే పెద్దగా చూళ్ళేదు.

నేను వీల్‌చైర్‌లోనే తిరుగుతా, మోటార్‌ది కాదు, చేతులతో తోసుకునేది. మా అక్కావాళ్ళు ఇల్లు కట్టుకున్నప్పుడు బావ నేనొస్తానని ముచ్చటపడి ముందే ర్యాంప్ వేయించాడు, వాళ్ళ గడప కూడా మీలాగే 24 అంగుళాలు, ఆయన కూడా అంగుళానికి అడుగు అనే లెక్కే వేశాడు. తలుపు ముందు ఐదడుగులు ఫ్లాట్‌గా, అక్కణ్ణుంచి తిన్నగా 24 అడుగులు కిందకి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఎక్కేటప్పుడు బావే వెనక నుంచి తోశాడు కాబట్టి నాకేం తెలీలేదు. దిగేటప్పుడు నేనే దిగుతానన్నా. ముప్పాతిక వంతు దాకా బానే ఉంది, రిమ్ముల్ని అరచేతుల్తో అదిమి పట్టుకుని మెల్లగా జారుతున్నా, ఉన్నట్టుండి కుర్చీ ముందుకి వాలింది, రిమ్ములు చేతుల్లో ఆగలేదు, కింద నేల కలిసే చోట ఫుట్‌రెస్ట్ రెండూ కర్రుమని సిమెంటుకి గీసుకుని కుర్చీ టక్కున ఆగిపోయింది. కుర్చీ ఆగింది గానీ నేనాగలేదు. బావ పక్కనే నడుస్తున్నాడు కాబట్టి భుజం పట్టుకుని వెనక్కి లాగాడు, లేకపోతే మొహం పగిలేది.

మేస్త్రీని పిలిపిస్తే ఆయన దాచకుండా చెప్పాడు. "మీరు చెప్పినట్టే 24 అడుగులు కొలిచి సెంట్రింగ్ కట్టా సార్, చివరికొచ్చి చూస్తే ఇంకా ఏడంగుళాల పైన గాల్లోనే ఉంది, అందుకని ఆఖరి ఆరడుగుల్లో కాస్త వాలు పెంచి నేలకి కలిపేశా." కాస్తట! ఆరడుగుల్లో దిగాల్సింది ఆరంగుళాలు, దిగింది పదమూడుం పావు. అంటే 1:12 ఉండాల్సిన చోట 1:5.4 దాకా వచ్చింది. ఫుట్‌రెస్ట్ నేలకి రెండంగుళాల ఎత్తులో, ముందు చక్రాలకన్నా ముందుకి పొడుచుకుని ఉంటుంది, నిటారు వాలు నుంచి ఒక్కసారిగా చదును నేలకి వస్తే అదే ముందు తగులుతుంది.

మరి ఆ ఏడంగుళాలు ఎక్కణ్ణుంచొచ్చాయంటే, వాన నీళ్ళు గోడ దగ్గర నిలవకుండా నేలని ఇంటి నుంచి బయటికి వాలుగా చేస్తారు కదా, అడుగుకి పావంగుళం, అంటే 1:48. కంటికి అస్సలు కనపడదు. కానీ తలుపు ముందు ఫ్లాట్‌గా వదిలిన ఐదడుగుల ల్యాండింగ్, 24 అడుగుల ర్యాంప్ కలిపి 29 అడుగులు బయటికెళ్ళేసరికి నేల ఏడుంపావు అంగుళాలు దిగిపోయింది. ఇల్లు ఎంత పద్ధతిగా కడితే ర్యాంప్ అంత పొడుగు కావాలన్నమాట, అదీ చోద్యం.

ఇక్కడే తిరకాసు. సరే ఇంకో ఏడడుగులు పొడిగిద్దాం అన్నాడు బావ. పొడిగిస్తే ఆ ఏడడుగుల్లో నేల ఇంకా దిగుతుంది కదా. ర్యాంప్ అడుగుకి అంగుళం దిగుతుంటే నేల దాన్నుంచి పావంగుళం పారిపోతోంది, అంటే అడుగుకి మీకు నికరంగా మిగిలేది ముప్పావంగుళమే. లెక్క ఇలా వస్తుంది:

```
L = H / (1/12 - 1/48) = 16 × H
```

L అంటే వాలు భాగం పొడవు, H అంటే వాలు మొదలయ్యే చోట నేల నుంచి ఎత్తు. పన్నెండు రెట్లు కాదు, పదహారు రెట్లు. తలుపు ముందు ల్యాండింగ్ ఐదడుగులు పోయేసరికి నేల 1.25 అంగుళం దిగింది కాబట్టి H 25.25. పదహారుతో గుణిస్తే 404 అంగుళాలు, అంటే 33 అడుగుల 8 అంగుళాలు. ఆ పొడవుకి 1:12 చొప్పున ర్యాంప్ ఎక్కే ఎత్తు 33 అంగుళాలు దాటుతుంది. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ రూల్ ప్రకారం ఒక్క వాలు 30 అంగుళాలకి మించి ఎక్కకూడదు, అది దాటితే మధ్యలో కనీసం 60 అంగుళాల పొడవు ల్యాండింగ్ ఉండాలి. గడప దగ్గర కొలిస్తే 24, కాబట్టి ల్యాండింగ్ అక్కర్లేదనిపిస్తుంది. దిగే చోట కొలిస్తే కావాలి. ఆ ల్యాండింగ్ వేస్తే దాని కింద నేల ఇంకో 1.25 దిగుతుంది, ల్యాండింగ్ మాత్రం దిగదు. మళ్ళీ లెక్కేస్తే H 26.5, వాలు 424 అంగుళాలు, 35 అడుగుల 4 అంగుళాలు. ల్యాండింగులు పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, మూడైదులు పదిహేను. మొత్తం 50 అడుగుల 4 అంగుళాలు! బావ ఆ అంకె విని కాసేపు ఏం మాట్లాడలేదు.

బ్రిటన్‌లో పబ్లిక్ బిల్డింగుల రూల్స్ ఇంకా గట్టివి, అక్కడ 1:12 వాలుని రెండు మీటర్ల పొడవుకే ఒప్పుకుంటారు, ఐదు మీటర్లు కావాలంటే 1:15, పది మీటర్లయితే 1:20. మీకు ఏ రూల్ వర్తిస్తుందో అది చూసుకోండి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే, 12 బదులు 15 పెట్టుకోవడమే.

ల్యాండింగ్ ఎందుకంటే ఆయాసం తీర్చుకోడానికి అంటారు నడిచేవాళ్ళు. సగమే నిజం. వాలు మీద నేను రెండు చేతులూ రిమ్ముల మీంచి తియ్యలేను, తీస్తే కుర్చీ వెనక్కి పోతుంది. చెమట తుడుచుకోవాలన్నా, ఫోన్ మోగినా, ఎదురుగా ఎవరైనా వస్తున్నా చేతులు వదలాలంటే చదును ఉండాల్సిందే. తలుపు దగ్గరైతే మరీను, తాళం తియ్యాలి, గొళ్ళెం లాగాలి, తలుపు బయటికి తెరుచుకునేదైతే వెనక్కి జరగాలి కూడా. వాలుని గడప దాకా లాక్కొచ్చి ఆపేసే ర్యాంపులు ఎన్ని చూశానో, అవి కట్టినవాళ్ళని ఒక్కసారి ఆ తలుపు వాళ్ళే కూర్చుని తియ్యమనాలి. పైగా కొందరు దాని మీద నున్నటి టైల్స్ పరుస్తారు, తడిస్తే చక్రం తిరగదు, జారుతుంది. పొడవు చెప్పగానే "అది అడ్డ కొలతా, వాలు కొలతా" అని వాదించేవాళ్ళు ఇంకో రకం. 1:12 మీద 30 అడుగులకి ఆ రెండింటి తేడా ఒకటింబావు అంగుళం, దానికోసం పైథాగరస్‌ని లేపక్కర్లేదు.

సరే, 50 అడుగుల జాగా లేదు, ఏం చేశామంటే మేస్త్రీయే ఒక మాటన్నాడు, "నేల బయటికి పల్లమైతే ర్యాంపుని తిప్పి వెనక్కి తెద్దాం సార్, నేల మళ్ళీ మెరకొస్తుంది కదా." ఆ మాటతో లెక్క మారిపోయింది. యూ ఆకారంలో సగం బయటికి, అక్కడ తిరిగే ల్యాండింగ్, మిగతా సగం ఇంటి వైపుకి. రెండు సగాలూ సమానంగా పెడితే ర్యాంప్ దిగే చోటు గోడకి సరిగ్గా ఐదడుగుల దూరంలో పడుతుంది, అక్కడ ఎత్తు 25.25 అంగుళాలే. కాబట్టి వాలు మొత్తం 25 అడుగుల 3 అంగుళాలు, ఒక్కో సగం 12 అడుగుల 7.5 అంగుళాలు. ఇందాకటి 35 అడుగుల చోట పది అడుగులు తగ్గిపోయింది. బయటికి పట్టే జాగా 22 అడుగుల 8 అంగుళాల లోపే. వెడల్పు మాత్రం పెరుగుతుంది, ఒక్కో వాలుకి రెండు పక్కలా పట్టుకునే కడ్డీల మధ్య మూడడుగులు ఖాళీ ఉండాలి కాబట్టి ఏడడుగులు అటూ ఇటూ. కింద దిగాక ఎదురుగా గోడ ఉంటుంది, పక్కకి తిరిగి వెళ్ళాలి, అందుకని అక్కడ ఐదడుగులకి ఐదడుగులు తప్పకుండా వదలాలి. తిరిగే ల్యాండింగ్ కూడా లోతు ఐదడుగులకి తగ్గకూడదు, తగ్గితే ఫుట్‌రెస్ట్ గోడకి కొట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతూ తిరగాల్సొస్తుంది.

మీరు ముందు చెయ్యాల్సింది, పారదర్శకంగా ఉండే సన్నటి పైపులో నీళ్ళు నింపి (లోపల గాలి బుడగ ఉండకూడదు, ఉంటే మట్టం తప్పుతుంది) ఒక కొస గడప దగ్గర, ఇంకో కొస ర్యాంప్ దిగుతుందనుకున్న చోట నిలబెట్టిన కర్రకి ఆనించడం. గడప దగ్గర నీళ్ళు గడప పై అంచుకి సమంగా ఉన్నప్పుడు కర్ర దగ్గర నీళ్ళు ఎక్కడున్నాయో గీత గీసి, గీత నుంచి నేలకి కొలవండి. అదీ మీ అసలు ఎత్తు. చోటు మారిస్తే మళ్ళీ కొలవాలి. గోడ పక్కనే గోడ వెంబడి దించితే చాలా ఇళ్ళ దగ్గర నేల అటు పెద్దగా దిగదు, మీకు అలా కుదిరితే 24కి దగ్గర్లోనే తేలిపోవచ్చు, అప్పుడు మధ్యలో ల్యాండింగ్ రూల్ ప్రకారం తప్పనిసరి కాదు. నన్నడిగితే అప్పుడు కూడా వెయ్యమంటా.

కట్టేశాక డబ్బులిచ్చే ముందు రెండడుగుల రసమట్టం తీసుకుని వాలు మీద పెట్టండి, పల్లం వైపు కొస పైకి లేపి బుడగ మధ్యకి రాగానే కింద సందు కొలవండి. రెండంగుళాలు దాటకూడదు. పై నుంచి కింద దాకా జరుపుతూ చూడండి, మేస్త్రీలు కలిపేసేది ఎప్పుడూ చివర్లోనే. ల్యాండింగ్ మీద అదే పని చేస్తే సందు అరంగుళం దాటకూడదు. వాలు మీద అడ్డంగా పెట్టినా అంతే, అడ్డవాలు ఉంటే కుర్చీ ఒక పక్కకి లాగుతుంటుంది, ఒక చేత్తోనే తోస్తూ పోవాలి.

ఇంకోటి, గట్టిగా నింపి కట్టిన యూ ర్యాంప్ వాన నీళ్ళకి ఆనకట్ట అయిపోతుంది, ఇంటి నుంచి పల్లానికి పోయే నీళ్ళకి ఆ తిరిగే ల్యాండింగ్ అడ్డం పడుతుంది. కాంక్రీటు పొయ్యక ముందే దాని కింద నుంచి ఒక పైపు వేయించేయండి.