స్కూల్ టూర్‌లో హోటల్, గదులు, రాత్రి టైమింగ్ గురించి తల్లిదండ్రులకు ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: డిసెంబర్‌లో మా తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు రాత్రుల టూర్‌కి తీసుకెళ్తున్నాం. హోటల్, గదుల పంపకం, రాత్రి ఎన్నింటికి లోపల ఉండాలి అన్నవాటి మీద పేరెంట్స్‌కి లెటర్ రాసే పని నాకు అప్పజెప్పారు. ఏమేం రాయాలి? గట్టిగా రాస్తే భయపడతారేమో, మెత్తగా రాస్తే పట్టించుకోరేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?

జవాబు:

ఈ ఉత్తరం నేను రెండేళ్లు వరసగా రాశాను. మొదటి ఏడాదిది అరపేజీ. "విద్యార్థులు క్రమశిక్షణతో మెలగవలెను. రాత్రి తొమ్మిది తర్వాత గది విడిచి వెళ్లరాదు." ఇంచుమించు అంతే. విశాఖలో రెండు రాత్రుల బస, మధ్యలో ఒక రోజు అరకు. నలభై రెండు మంది పిల్లలు, ఐదుగురం టీచర్లం.

మొదటి రాత్రి తొమ్మిదిన్నరకి రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. కిందికి దిగితే ఒకాయన స్వీట్ల డబ్బాతో నిలబడి ఉన్నాడు. "మీ క్లాసు పిల్ల మా మేనకోడలండీ. ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టి, పొద్దున్నే దింపేస్తా" అన్నాడు. పిల్లని పిలిపిస్తే "మావయ్యా" అంటూ పరుగెత్తుకొచ్చింది. అబద్ధమేమీ లేదు. కానీ వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తే స్విచాఫ్. నేను పంపనన్నాను. "నా మేనకోడల్ని నేనేమన్నా ఎత్తుకుపోతానా?" అని ఆయన లాబీలో నలుగురి ముందూ గొంతు పెంచాడు. పిల్ల ఏడుపు. తీరా పదకొండు గంటలకి వాళ్ల నాన్న ఫోన్ చేసి "నేనే వెళ్లమన్నాను కదండీ మా బావని" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. అలా కుదరదని నా ఉత్తరంలో ఎక్కడుంది? మనవాళ్లకి వైజాగ్‌లోనో తిరుపతిలోనో ఒక చుట్టం ఉండనే ఉంటారు, పిల్లలు అక్కడిదాకా వచ్చారంటే చూడకుండా ఉండలేరు.

మరుసటి ఏడాది ఉత్తరంలో ఈ సంగతే ముందు రాశాను. మాటలు దాదాపు ఇవి:

"విశాఖలో ఉన్న మీ బంధువులు పిల్లల్ని చూడాలనుకుంటే సాయంత్రం 6.30 నుంచి 7.30 వరకు హోటల్ లాబీలో, టీచరు సమక్షంలో కలవవచ్చు. గదుల దగ్గరికి ఎవరినీ పంపము. బంధువులతో బయటికి పంపడం, ఎంత దగ్గరివారైనా, కుదరదు. మీరు ఫోనులో చెప్పినా పంపలేము. దయచేసి ఈ విషయం వారికి ముందే చెప్పండి."

ఆ ఏడాది ముగ్గురి చుట్టాలు వచ్చారు, లాబీలోనే పలకరించి, తెచ్చిన జంతికలు ఇచ్చి వెళ్లిపోయారు. కాబట్టి గట్టిగా రాయాలా మెత్తగా రాయాలా అన్నది పెద్ద సమస్య కాదు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఐదు దాకా జరగబోయేది ఉన్నదున్నట్టు రాయండి.

"కర్ఫ్యూ" అన్న మాట నేను వాడలేదు. మా హెచ్చెమ్ గారు వాడమన్నారు గానీ, చదువుతుంటే ఊళ్లో 144 సెక్షన్ పెట్టినట్టుంది. "గదుల్లోకి వెళ్లే సమయం 9.00, లైట్లు ఆర్పే సమయం 9.45" అని రాసి, పక్కనే కారణం కూడా రాశాను: మర్నాడు అరకు వెళ్లే కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడు లోపే కదులుతుంది, కాబట్టి పిల్లలు నాలుగున్నరకి లేవాలి, గదికి ముగ్గురు ఒకే బాత్రూమ్‌లో తయారవ్వాలి. ఇది చదివాక తొమ్మిదిన్నర దాకా ఆడుకోనివ్వచ్చు కదా అని ఒక్క పేరెంట్ కూడా అడగలేదు.

గదుల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇద్దరేసి గదులకంటే ముగ్గురేసి మేలు. ఇద్దర్ని వేస్తే ఒకరికి రాత్రి జ్వరమొచ్చినా, అలిగినా రెండోవాళ్లకి ఏం చెయ్యాలో తోచదు. ముగ్గురుంటే ఒకరు వచ్చి మా తలుపు కొడతారు. ప్రతి పిల్లా కాగితం మీద ముగ్గురు స్నేహితుల పేర్లు రాసిస్తే, వాళ్లలో కనీసం ఒకరితో వేస్తామని ఉత్తరంలో మాట ఇచ్చాను. ముగ్గురితోనూ అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. ఎవరి కాగితంలోనూ పేరు లేని పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరుంటారు. గదుల జాబితా వాళ్ల దగ్గర మొదలుపెట్టి వెయ్యండి, చివరికి మిగిలిన మంచంలో కాదు. జాబితా ప్రకటించాక మార్పులుండవని కూడా రాయండి, లేదంటే బస్సెక్కేదాకా ఫోన్లు వస్తూనే ఉంటాయి.

తలుపుల గురించి ఉత్తరంలో రాయడమేంటని మావాళ్లే నవ్వారు. కానీ ఆడపిల్లల తల్లులు అడిగేది అదే. మొదటి ఏడాది ఒక గదిలో పిల్లలు పైన గడియ వేసుకుని పడుకున్నారు. నాలుగున్నరకి ఎంత కొట్టినా లేవలేదు. మా దగ్గరున్న రెండో కీకార్డుతో లాక్ తెరుచుకుంది గానీ గడియ అడ్డం. పదిహేను నిమిషాలు గుండె చేతిలో పెట్టుకున్నాం. లోపల ముగ్గురూ గుర్రుపెడుతున్నారు, అంతే. అందుకని రెండో ఉత్తరంలో ఇలా రాశాను: తలుపు లాక్ మాత్రమే పడాలి, పైగడియ వేయకూడదు, ప్రతి గదికీ రెండో కార్డు టీచరు దగ్గర ఉంటుంది, ఆడపిల్లల గదుల కార్డులు మేడమ్‌ల దగ్గరే ఉంటాయి, వాళ్లు తలుపు కొట్టి పేరు చెప్పాకే తెరుస్తారు.

ఇంకో జాగ్రత్త. పిల్లలు బయటికి రాకుండా కొన్ని బడుల్లో గది బయటినుంచి గొళ్లెం పెట్టేస్తారు. చిన్న లాడ్జీల్లో ఆ గొళ్లేలు ఇంకా ఉన్నాయి. రాత్రి పొగ వచ్చినా, షార్ట్ సర్క్యూట్ అయినా లోపలున్నవాళ్ల గతి ఏంటి? మేం దానికి బదులు 9.45కి తలుపుకీ చట్రానికీ కలిపి చిన్న సెల్లోటేప్ ముక్క అంటించాం. తలుపు లాగితే అది ఊడిపోతుంది, ఎవరినీ ఆపదు. పొద్దున్న ఊడి ఉంటే ఎందుకు తీశారో అడుగుతాం, అంతే. "బయట గొళ్లెం పెట్టము" అన్న వాక్యం కూడా ఉత్తరంలో చేర్చాను.

నియమం తప్పితే ఏం చేస్తారో రాసేటప్పుడు "కఠిన చర్యలు తీసుకోబడును" అని వదిలేయకండి. మేం రాసింది ఇది: లైట్లు ఆర్పాక వేరే గదిలో కనిపిస్తే మర్నాడంతా టీచరు పక్కనే కూర్చోవాలి. రెండోసారైతే మీకు ఫోన్ చేస్తాం. హోటల్ వదిలి బయటికి వెళ్తే మీరే వచ్చి తీసుకెళ్లాలి, ఒంటరిగా బస్సెక్కించి పంపం.

ఉత్తరం కింద చింపి ఇచ్చే స్లిప్పులో సంతకంతో పాటు రెండు గీతలు ఖాళీగా వదలండి. ఒకటి, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు. (మా స్విచాఫ్ కథ విన్నారుగా.) రెండోది, "రాత్రి విషయంలో మాకు తెలియాల్సినది ఏదైనా ఉంటే" అని. ఆ స్లిప్పును కవర్లో పెట్టి అంటించి ఇమ్మనండి, క్లాస్ లీడర్‌తో వసూలు చేయించకండి. మాకొచ్చిన వాటిలో ఒకరికి ఇన్‌హేలర్, ఒకరికి నిద్రలో నడిచే అలవాటు, ఇంకొకరికి పక్క తడిపే ఇబ్బంది. నిద్రలో నడిచే బాబుకి బాల్కనీ లేని గది ఇచ్చాం. ఆ మూడో స్లిప్పు వచ్చిన పిల్లాడి మంచం మీద రిసెప్షన్‌తో చెప్పి ముందే రబ్బరు షీటు వేయించాం. గదిలో మిగతా ఇద్దరికీ ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.