సెకండ్ హ్యాండ్ కారు కొంటే అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ మనకొస్తుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లోనే ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాను. ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలు ఉంది, పాలసీ మీద 45% నో క్లెయిమ్ బోనస్, అదే ఎన్‌సీబీ, ఉంది. అది మీకే వస్తుంది, దానికీ కలిపి రేటు చెప్పాను అంటున్నాడు. పోయినేడు బంపర్‌కి చిన్న క్లెయిమ్ చేశాడంట. ఆ బోనస్ నాకొస్తుందా? ఆ క్లెయిమ్ నా మీద పడుతుందా?

జవాబు:

రాదండీ. బోనస్ బండిది కాదు, మనిషిది. క్లెయిమ్ చేయకుండా బండి నడుపుకున్నందుకు ఆయనకిచ్చిన తగ్గింపు అది. కారు మీకు అమ్మినా బోనస్ ఆయన దగ్గరే ఉంటుంది. అమ్మినట్టు కాగితాలు చూపించి తన కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే, మూడేళ్లలోపు కొనే ఇంకో కారుకి దాన్ని వాడుకోవచ్చు. ఆయన తీసుకెళ్లేదానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఆ మాట చెప్పి రేటు తగ్గించమనండి. బోనస్ బండితో పాటు వచ్చే సందర్భం ఒక్కటే ఉంది: ఓనర్ చనిపోయి, బండి భార్యకో భర్తకో పిల్లలకో తల్లిదండ్రులకో వచ్చినప్పుడు.

రాకపోవడమే కాదు, పాలసీ మీ పేరుకి మార్చేటప్పుడు మిగిలిన ఏడు నెలల బోనస్‌ని కంపెనీ మీ దగ్గర తిరిగి వసూలు చేస్తుంది. బోనస్ తగ్గింపు మన బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే ఉంటుంది, ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియంకి దానితో సంబంధం లేదు. ఉదాహరణకి బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 రూపాయలనుకోండి. 45 శాతం అంటే ఆయనకి 3,600 తగ్గింది. పన్నెండులో ఏడు నెలలు మిగిలాయి కాబట్టి మీ వంతు 2,100. దాని మీద 18 శాతం జీఎస్టీ 378. మొత్తం 2,478 కడితే పాలసీ మీ పేరు మీదకొస్తుంది. పేరు మార్చినందుకు కంపెనీ తీసుకునే చిన్న ఫీజు వేరే. మీరు ఇంతకుముందు కారు అమ్మి ఉండి, మీ పేరు మీద ఎన్‌సీబీ లెటర్ ఉంటే అది తప్పకుండా ఇవ్వండి. మీ బోనస్ 25 శాతం అయితే మిగతా 20 శాతం తేడా మాత్రమే కడతారు. పై లెక్కలో అది జీఎస్టీ కాకుండా 930 చిల్లర.

ఇక క్లెయిమ్ సంగతి. ఆయన చేసిన క్లెయిమ్ వల్ల మీ బోనస్ తగ్గదు. మీరు సున్నా నుంచి మొదలుపెడతారు, మీ పేరు మీద పూర్తిగా పన్నెండు నెలలు క్లెయిమ్ లేకుండా గడిస్తే 20 శాతం వస్తుంది. కానీ మీరు చెప్పిన రెండు మాటలు ఒకదానికొకటి కుదరడం లేదు. ముందు అది తేల్చుకోండి.

పోయిన పాలసీ ఏడాదిలో క్లెయిమ్ చేసుంటే ఈ ఏడాది పాలసీ మీద బోనస్ సున్నా ఉండాలి, 45 ఉండకూడదు. క్లెయిమ్ చేసింది ఇప్పుడు నడుస్తున్న పాలసీలోనే అయితే 45 ఉండటంలో తప్పేం లేదు, వచ్చే రెన్యువల్‌లో పోతుంది. కాబట్టి క్లెయిమ్ ఏ తేదీన చేశాడో అడగండి. పాత పాలసీలోనే చేశానంటే, ఆ పాలసీలో ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉందేమో చూడండి. అది తీసుకున్నవాళ్లకి షరతులకు లోబడి క్లెయిమ్ తర్వాత కూడా బోనస్ నిలుస్తుంది. అదీ లేదంటే, కంపెనీ మార్చేటప్పుడు క్లెయిమ్ లేదని రాసిచ్చి బోనస్ తీసుకుని ఉండాలి. బోనస్ అడిగేటప్పుడు ఇచ్చే ఆ డిక్లరేషన్ తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ భాగం మొత్తం చెల్లకుండా పోతుందని అందులోనే రాసుంటుంది. అలాంటి పాలసీని మీ పేరుకి మార్పించుకోకండి. బండిని ఇన్‌స్పెక్షన్‌కి పెట్టి మీ పేరు మీద కొత్తగా ఓన్ డ్యామేజ్ పాలసీ తీసుకోండి. కాస్త ఎక్కువైనా నేనైతే అదే చేస్తాను.

బోనస్ మీకు రాకపోయినా ఆ అంకె మీకు బాగా పనికొస్తుంది. మెట్లు ఇవి: ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20, రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, ఐదేళ్లకి 50. ఆ తర్వాత పెరగదు. మధ్యలో ఒక్క క్లెయిమ్ చేసినా తర్వాతి రెన్యువల్‌లో సున్నాకి వచ్చి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. బండి వయసు తెలిస్తే ఇప్పుడు ఏ మెట్టు మీద ఉండాలో లెక్కేసుకోవచ్చు.

2024 చివర్లో నేను ఒక బాలెనో చూశాను. ఓనర్ సరూర్‌నగర్ వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. 2020 జూన్‌లో షోరూమ్ నుంచి తీసుకున్న బండి, ఒక్క క్లెయిమ్ కూడా లేదన్నారు. నిజంగా లేకపోతే 2021 జూన్ రెన్యువల్‌లో 20, తర్వాత 25, 35, 2024 జూన్ పాలసీలో 45 ఉండాలి. చేతిలో ఉన్న కాగితం మీద 35 ఉంది. ఒక మెట్టు తక్కువ. పాత పాలసీలన్నీ ఇమెయిల్‌లో ఉంటాయి కదా, 2021ది పంపించమన్నాను. అందులో నో క్లెయిమ్ బోనస్ దగ్గర సున్నా ఉంది. అంటే మొదటి ఏడాదిలోనే, 2020 జూన్‌కీ 2021 జూన్‌కీ మధ్య ఏదో జరిగింది. ఆ మధ్యలో హైదరాబాద్‌లో ఏం జరిగిందో మనందరికీ తెలుసు, 2020 అక్టోబర్ వాన. ఆ రాత్రి ఎన్ని సెల్లార్లు నిండాయో, ఎన్ని కార్లు మునిగాయో చూసినవాళ్లం.

ఆ అనుమానంతోనే మా మెకానిక్‌ని తీసుకెళ్లాను. ఆయన ఇంజన్ జోలికి పోకముందే డ్రైవర్ సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగాడు. పైకి కనిపించే భాగం కొత్తదానిలా ఉంది. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు మాత్రం మట్టి రంగులో ఉంది, నీళ్లు నిలిచిన గీత స్పష్టంగా కనిపించింది. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. అప్పుడు ఓనరే ఒప్పుకున్నారు, నీళ్లు లోపలికి వచ్చాయి, క్లెయిమ్‌లో బాగు చేయించాం అని. ఆ బండి తీసుకోలేదు. ఇంజన్ బాగానే నడుస్తోంది, కానీ నీళ్లు తాగిన వైరింగ్ నాలుగైదేళ్ల తర్వాత కూడా ఒక్కో సెన్సార్‌నీ సతాయిస్తుంది. ఆ రిపేర్లకి పాలసీ కూడా అక్కరకు రాదు, పాత డ్యామేజీ అని పక్కన పెడతారు.

ఈ లెక్కకి హద్దులున్నాయి. పాలసీ ముగిశాక 90 రోజుల లోపు రెన్యువల్ చేయకపోయినా, మధ్యలో ఓనర్ మారినా క్లెయిమ్ లేకుండానే సున్నా అవుతుంది. బోనస్ పోతుందని చాలామంది చిన్నాచితకా డెంటింగ్ పెయింటింగ్ సొంత డబ్బుతో చేయించుకుంటారు, అది ఏ కాగితం మీదా కనపడదు. కాబట్టి సున్నా కనిపిస్తే ఎందుకని అడగండి. 50 కనిపించినా మెకానిక్‌కి చూపించడం మానకండి. అమ్మేఆయన నిజాయితీగా ఉంటే ఇంకో పని చేయించుకోవచ్చు: తన రిజిస్టర్డ్ ఇమెయిల్ నుంచి ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, ఈ బండి మీద ఇప్పటిదాకా ఉన్న క్లెయిమ్‌ల వివరం అడగమనండి. పాలసీ ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయనే అడగాలి, మీరు అడిగితే చెప్పరు. బంపర్ క్లెయిమ్ ఇంకా పెండింగ్‌లో ఉంటే ఆ డబ్బు ఆయనకే పోతుంది. అందుకని బంపర్ మార్చాకే బండి తీసుకోండి.

బోనస్ కంటే పెద్ద విషయం ఒకటి చెప్పాలి. మా తమ్ముడు కారు కొన్నప్పుడు ఆర్సీ మార్పించుకున్నాడు కానీ, పాలసీకి ఇంకా టైముంది కదా అని ఇన్సూరెన్స్ పేరు మార్చలేదు. ఔటర్ మీద శంషాబాద్ దగ్గర డివైడర్‌ని కొట్టాడు. మనిషికేం కాలేదు, ముందు భాగం పోయింది. సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. ఆర్సీలో ఒక పేరు, పాలసీలో ఇంకో పేరు ఉన్నాయని కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చింది. లక్షకి పైగా చేతి నుంచే పెట్టుకున్నాడు.

చట్టం ఇలా ఉంది. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారిన రోజు నుంచే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కూడా మీకు మారినట్టే లెక్క. కానీ అది థర్డ్ పార్టీ వరకేనని సుప్రీంకోర్టు తేల్చింది. మీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకి నష్టపరిహారం వస్తుంది, మీ బండికి జరిగిన నష్టానికి మాత్రం పాలసీ మీ పేరు మీద ఉండాలి. దానికి 14 రోజుల గడువుంది. ఆర్టీఏలో కొత్త ఆర్సీ చేతికొచ్చేదాకా ఆగితే ఆ గడువు దాటిపోవచ్చు. బండి తీసుకున్న రోజే ఆర్సీ పేరు మార్పుకి ఆర్టీఏలో ఇచ్చే ఫారం 29, 30 కాపీలు, పాలసీ నంబరు, అమ్మినాయన పేరు, బండి చేతులు మారిన తేదీ పెట్టి కంపెనీకి ఇమెయిల్ చేయండి. ఆర్సీ వచ్చాక అదే మెయిల్‌కి జత చేసి పంపండి. వాళ్లు బోనస్ తేడా ఎంత కట్టాలో చెప్తారు, కట్టాక పాలసీ మీ పేరుకి మారిందని రాసిన కాగితం, అంటే ఎండార్స్‌మెంట్ వస్తుంది. అది వచ్చేదాకా వెంటపడండి. ఫోన్‌లో మాట్లాడినదానికి సాక్ష్యం ఉండదు కాబట్టి అంతా మెయిల్‌లోనే నడపండి.

బండి మరీ కొత్తదైతే ఇంకో చిక్కుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకి థర్డ్ పార్టీ ఒకేసారి మూడేళ్లకి తీసుకోవాలి, ఓన్ డ్యామేజ్‌ని ఏడాదికోసారి వేరే కంపెనీలో కూడా చేయించుకోవచ్చు. అంటే మీ చేతికి రెండు పాలసీలు రావచ్చు. రెండు కంపెనీలకీ విడివిడిగా రాయాలి. బోనస్ తేడా అడిగేది ఓన్ డ్యామేజ్ ఇచ్చిన కంపెనీ మాత్రమే. పాలసీలో ఆయన పేరు మీద ఉన్న 15 లక్షల ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా కూడా మీకు దానంతటదే రాదు. ఎండార్స్‌మెంట్ అడిగేటప్పుడే అది మీ పేరు మీద, మీ నామినీ పేరుతో ఇమ్మని రాయండి.