వెబ్ ఆప్షన్ల వేళ, పోటీపడే స్నేహితురాలు

ప్రశ్న: మేడమ్, టీజీ ఎప్‌సెట్‌లో నాకు 11 వేల ర్యాంకు వచ్చింది. చెప్పగానే నా క్లోజ్ ఫ్రెండ్ "మా అన్నయ్యకి 4 వేలు వచ్చింది తెలుసా" అంది. ఈసీఈ ఇష్టం అంటే "సీఎస్ఈ రానివాళ్ళు తీసుకునేదేగా" అంటుంది. ఏ మంచి విషయం చెప్పినా ఇంతే. ఆరో తరగతి నుంచి కలిసి చదువుకున్నాం. ఆప్షన్లు కూడా కలిసి పెట్టుకుందాం అంటోంది. తనని దూరం పెట్టాలా?

జవాబు: స్నేహం సంగతి నిదానంగా తేల్చుకోవచ్చమ్మా. ఆప్షన్లకు మాత్రం గడువు ఉంటుంది కాబట్టి ముందు అది చెబుతాను. వాటిని తనతో కూర్చుని పెట్టొద్దు.

సీట్ల కేటాయింపులో నీ ర్యాంకు, కేటగిరీ వంటివి చూసి, నీ జాబితాను పైనుంచి కిందికి వెతుక్కుంటూ వస్తారు. ఎక్కడ సీటు దొరికితే అక్కడితో ఆగిపోతారు. దాని కింద ఏమున్నా ఆ విడతలో ఇక చూడరు. అంటే నువ్వు కోరుకున్న కాలేజీలో ఈసీఈ మొదట ఉండాల్సింది, తన మాటకు చిన్నబోయి నీకు పెద్దగా తెలియని కాలేజీ సీఎస్ఈని దాని పైకి తెచ్చావనుకో. ఆ సీఎస్ఈ నీ ర్యాంకుకు దొరికితే ఈసీఈ వరకు వెళ్ళనే వెళ్ళరు.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయికి ఇలాగే జరిగింది. మెకానికల్ మొదట రాసుకున్నాడు. ఆ రాత్రి హాస్టల్ గదిలో స్నేహితులు నవ్వారని వరస మార్చేశాడు. ఇంకో కాలేజీలో వేరే బ్రాంచి వచ్చింది. తర్వాత స్లైడింగ్‌లో మారొచ్చా అని అడిగాడు. అంతర్గత స్లైడింగ్ అంటే చేరిన కాలేజీలోనే, ఖాళీ ఉంటేనే బ్రాంచి మారడం. అతను కోరుకున్న కాలేజీకి ఆ దారి లేదు. ఆ అబ్బాయి ముఖం నాకింకా గుర్తుంది, అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి కిందటేడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, నీ కేటగిరీ అమ్మాయిలకు చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చూసుకో. ఈసీఈ చదువుతున్న సీనియర్ ఒకరితో మాట్లాడు. ఆ తర్వాత అమ్మానాన్నలతో కూర్చుని, ముందు కాగితం మీద వరస రాసి, అప్పుడు సైట్‌లో ఎక్కించు. ఫ్రీజ్ చేసే ముందు కాగితంతో సరిచూసుకో. పాస్‌వర్డ్, ఓటీపీ ఎంత దగ్గరివాళ్ళకైనా ఇవ్వకు. సీనియర్‌తో మాట్లాడాక నీకే సీఎస్ఈ నయమనిపిస్తే అది పైన పెట్టు, అప్పుడది నీ నిర్ణయం అవుతుంది.

ఇక తన సంగతి. నీకు మార్కులు తగ్గిన రోజు తను ఏం చేసిందో గుర్తు తెచ్చుకో. పక్కన కూర్చుని, నోట్స్ ఇచ్చి, ధైర్యం చెప్పిందా? అయితే నీ మంచి కబురు వింటే తనకు సొంత టెన్షన్ గుర్తొస్తోందేమో. "మా అన్నయ్యకి 4 వేలు" అన్న మాట తను ఇంట్లో రోజూ వింటున్నదే అయ్యుండొచ్చు. అలా కాకుండా నీ తక్కువ మార్కుల్ని కూడా నలుగురిలో చెప్పి నవ్విందంటే అది టెన్షన్ కాదు.

రెంటిలో ఏదైనా ఒక్కసారి నేరుగా చెప్పి చూడు. వాట్సాప్ గ్రూపులో వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే పోట్లాట అవుతుంది. "ఆ రోజు నువ్వన్న మాటకి నా ర్యాంకు ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదే. సీట్లు వచ్చేదాకా ర్యాంకులు, బ్రాంచిలు మనం మాట్లాడుకోవద్దు" అంటే చాలు. ఆప్షన్ల గురించి అడిగితే "నాన్నతో కూర్చుని పెడుతున్నా" అను.

తర్వాత రెండు మూడు వారాలు చూడు. అలవాటు కొద్దీ ఒకసారి నోరు జారవచ్చు. వెంటనే "సారీనే" అని ఆపుకుంటే మీ స్నేహం మునుపటిలాగే ఉంచుకోవచ్చు. "జోక్ కూడా తీసుకోలేవా" అని కొట్టిపారేసినా, నువ్వు చెప్పింది గ్రూపులో పెట్టినా, అప్పుడు దూరం కొలుచుకోవాలి. మాట్లాడటం మానెయ్యమనడం లేదు. సినిమాకి వెళ్ళండి, పుట్టినరోజుకి ఇంటికి వెళ్ళు. ఇంకా తేలని నిర్ణయాలు మాత్రం తన దగ్గర ఎత్తకు. మంచి కబురు ముందు అమ్మకో, సంతోషించే ఇంకో స్నేహితురాలికో చెప్పు. తనకు కాలేజీలో రిపోర్ట్ చేసి వచ్చాక చెప్పొచ్చు. అప్పుడు తను ఏమన్నా నీ సీటు మారదు.

తను ఏ కాలేజీ పెడుతోందో చూసి, తనతో ఉండాలనో తప్పించుకోవాలనో నీ వరస మార్చకు. ఒకే కాలేజీ వచ్చినా సెక్షన్లు, ల్యాబ్ బ్యాచ్‌లు వేరుకావచ్చు, కొత్త స్నేహాలూ వస్తాయి. కాగితం మీద వరస రాశాక ఏదైనా సందేహం ఉంటే ఫ్రీజ్ చెయ్యకముందే నాకు రాయి, చూసి చెబుతాను.