మీట నొక్కేది ఎవరో మీ అబ్బాయిని అడగనివ్వండి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఏఐ-ఎంఎల్ చివరి సంవత్సరం. డ్రోన్లు తయారుచేసే రక్షణ రంగ సంస్థలో, లక్ష్యాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. జీతం బాగుంది. కానీ వాడు "మనిషిని చంపాలో వద్దో యంత్రం తేల్చే పని నేను చేయను" అంటున్నాడు. ఇదా, మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమా? రెండూ పోల్చి చెప్పి వాడి భయం పోగొట్టండి.
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఆ భయాన్ని పోగొట్టడం నా వల్ల కాదండీ, పోగొట్టాలని కూడా నాకు లేదు. మీ అబ్బాయి అడుగుతున్నదాని మీద దేశాలు 2014 నుంచి జెనీవాలో వాదించుకుంటున్నాయి. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, ఎవరిని కొట్టాలో యంత్రమే తేల్చుకునే ఇలాంటి స్వయంచాలక ఆయుధాలపై తీర్మానం పెడితే 152 దేశాలు ఔనన్నాయి, నాలుగే కాదన్నాయి. ఆ నాలుగింటిలో మన దేశం ఒకటి. ఈ చర్చకు సర్వసభ్య సభ కాదు, జెనీవాయే తగిన చోటని మనవాళ్ల వాదన. ఇంతమంది తేల్చుకోలేకపోతున్న విషయంలో పిల్లవాడికి సందేహం రావడం పిరికితనమెలా అవుతుంది?

"చివరికి మీట నొక్కేది మనిషేగా" అని మీరు వాడికి సర్దిచెప్పే ఉంటారు. చాలామంది తల్లిదండ్రులు నాతోనూ అంటారు. అందుకే ఒక సంఘటన చెబుతాను. 2003 మార్చిలో, ఇరాక్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, బ్రిటన్‌కు చెందిన టోర్నడో యుద్ధ విమానం ఒకటి కువైట్‌లోని స్థావరానికి తిరిగి వస్తోంది. దాన్ని అమెరికా వాళ్ల పేట్రియాట్ క్షిపణి కూల్చేసింది. ఇద్దరు వైమానికులూ చనిపోయారు. పేట్రియాట్ కంప్యూటర్ ఆ విమానాన్ని రాడార్ల మీదికి దూసుకొచ్చే శత్రు క్షిపణిగా లెక్కగట్టింది. ఇరాక్ దగ్గర నిజంగా ఎలాంటి క్షిపణులున్నాయో చూడకుండా, ప్రపంచంలోని రకరకాల క్షిపణులన్నీ ఇమిడేలా దానికి కొలతలు ఇచ్చారు. కిందికి దిగుతున్న విమానం ఆ కొలతల్లో ఇరుక్కుంది. "నేను మీవాణ్ణే" అని చెప్పాల్సిన పరికరం విమానంలో పనిచేయలేదని బ్రిటన్ విచారణ బృందం భావించింది. ఆ పేట్రియాట్ దళానికి మిగతా దళాలతో మాట్లాడే సామగ్రి ఇంకా అందనే లేదు. నిర్ణయానికి సిబ్బందికి దొరికింది సుమారు ఒక నిమిషం.

అక్కడ మీట నొక్కింది మనిషే. కానీ తెర మీద యంత్రం చూపినది తప్ప అతని చేతిలో ఇంకేమీ లేదు. మనిషి ఉన్నాడా లేడా అన్నది సగం ప్రశ్నే. అతనికి ఎంత సమయం ఉంది, యంత్రం చెప్పింది తప్పని తెలుసుకునే దారి ఏది అన్నవి మిగతా సగం. ఆ దారి ఉండాలా వద్దా అన్నది ఏళ్ల ముందే ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఇంజనీర్ల చేతుల్లో తేలిపోతుంది. మీ అబ్బాయిని పిలుస్తున్నది ఆ కుర్చీలోకే.

అలాగని యంత్రానికి వదిలేయడమంతా ఒకే రకం కాదు. ఓడ మీదికి క్షిపణి దూసుకొస్తుంటే మనిషి ఆలోచించేలోపు అంతా అయిపోతుంది. అక్కడ తుపాకీ తనంతట తానే పేల్చే ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. సముద్రం మీద అంత వేగంతో వచ్చేది మనిషి కాదు కాబట్టి నాకూ పెద్ద అభ్యంతరం లేదు. ఊరి వీధిలో చేతులెత్తి లొంగిపోతున్నవాడిని కెమెరా గుర్తుపట్టాలంటే అది వేరే సంగతి. మనుషులను గురిపెట్టే స్వయంచాలక ఆయుధాలను నిషేధించాలని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ 2021లో కోరింది ఇందుకే.

ఇక ఏఐ-ఎంఎల్ అనే ఈ మోజు గురించి. కాలేజీలో మీవాడు శుభ్రమైన ఫొటోలతో నమూనాకు శిక్షణ ఇచ్చి, అలాంటి ఫొటోలతోనే పరీక్షించి, నూటికి తొంభై ఎనిమిది సరిపోయాయని మార్కులు తెచ్చుకుని ఉంటాడు. దుమ్ములో, సాయంత్రపు వెలుగులో, వణికే కెమెరాతో అది ఎంతకు పడిపోతుందో చాలా కాలేజీల్లో ఎవరూ అడగరు. రక్షణ రంగంలో అసలు పని అదే. దానికి సంకేతాల విశ్లేషణ, సంభావ్యత, పరీక్షా పద్ధతులు కావాలి. బ్రాంచి పేరు చూసి లక్షలు కట్టిన మీరు ఇవి నేర్పుతున్నారా అని ఒక్కసారైనా అడిగారా? ప్యాకేజీ అంకె మాత్రం కంఠస్థం.

చేరేముందు మీవాణ్ణి ఆ సంస్థను ఈ సంగతులు అడగమనండి. డ్రోన్‌కు సిగ్నల్ తెగిపోతే ఏం చేస్తుంది: తిరిగి వస్తుందా, లక్ష్యం మీదికి వెళుతుందా? ఉక్రెయిన్ యుద్ధంలో సిగ్నళ్లను జామ్ చేయడం పెరిగాకే చివరి క్షణాల దారిని డ్రోన్‌కే వదలడం పెరిగింది. దాడిని ఆపే అవకాశం ఎవరికి, ఎన్ని సెకన్లపాటు ఉంటుంది? తప్పు జరిగితే చూడటానికి రికార్డు మిగులుతుందా? రహస్యమని కొన్ని చెప్పకపోవచ్చు, అది సహజం. ఇలాంటివి తమకు అనవసరమని నవ్వితే మాత్రం వద్దనమనండి.

పోల్చమన్నారు కదా. మామూలు సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ మారడం తేలిక, రక్షణ రంగంలో చేసిన పని బయట చూపించుకోవడం కష్టం. అయితే అక్కడ లోతు ఎక్కువ. ఈ ఉద్యోగం వదులుకుంటే వాడి చదువేమీ వృథా కాదు, ఇదే విద్య పంటల సర్వేకి, వరద సహాయక డ్రోన్లకి పనికొస్తుంది. బాండు ఎన్నేళ్లో మాత్రం సంతకానికి ముందు మీరే చదవండి, వాడికి వదిలేయకండి.