వేరుశెనగ మొదటి చెంచా

మాది పర్లాకిమిడి. బాబుకి ఆరు నెలలు నిండాయి. వేరుశెనగ, నువ్వులు ఏడాది దాకా వద్దంటున్నారు అత్తయ్య. ఇప్పుడే పెట్టొచ్చా?

పెట్టొచ్చండి. ఆలస్యం చేస్తేనే వేరుశెనగ అలర్జీకి అవకాశం ఎక్కువ. బాగా ఎగ్జిమా ఉన్నా, గుడ్డు పడకపోయినా మాత్రం ముందు డాక్టర్ని అడగండి.

వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి, గోరువెచ్చని నీళ్లతో జారుగా కలపండి. పలుకు తగిలితే గొంతుకి అడ్డం పడుతుంది. ఒంట్లో బాగున్న రోజు, పగలు, చెంచా కొనతో నాకించి పది నిమిషాలు చూడండి. బాగుంటే మిగతాది మెల్లగా పెట్టి, రెండు గంటలు కనిపెట్టి ఉండండి. పడితే వారం వారం మానకుండా పెట్టాలి. నువ్వులు, జీడిపప్పు వేరే రోజుల్లో, విడివిడిగా.

దద్దుర్లు, పెదవి వాపు, వాంతి కనిపిస్తే ఆపేసి డాక్టర్‌కి చూపించండి. ఆగని దగ్గు, పిల్లికూతలు, ఒళ్లు వేలాడిపోవడం ఉంటే వెంటనే 108. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ కాదు.