తొలి దసరాకు కూతుర్ని పిలవాలంటే ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

*మా అమ్మాయికి మొన్న ఫాల్గుణంలో పెళ్లి చేశాం. హైదరాబాద్‌లో అత్తమామలతో కలిసి ఉంటోంది. దసరా శుభాకాంక్షలు చెప్పి, అల్లుడితో కలిసి రమ్మని వాట్సాప్‌లో రాశాను. "చూస్తానమ్మా" అని ఊరుకుంది. ఫోన్ చేస్తే మాట దాటేస్తోంది. నా మీద కోపమా? – ఒక తల్లి, కరీంనగర్*

కోపం కాదనే అనుకుంటున్నానమ్మా. వస్తానని చెప్పే చనువు ఆ ఇంట్లో ఇంకా వచ్చి ఉండదు. "మా అమ్మ రమ్మంది, వెళ్తాను" అని కొత్త కోడలు తనే అడగాల్సి వచ్చిందంటే, మీ పిలుపు అక్కడ పర్మిషన్ అడిగినట్టు అయిపోతుంది. తొలి పండక్కే ఆ టెన్షన్ ఎందుకని ఆగిపోయి ఉంటుంది.

పెత్రమాసకు ముందే మీ వియ్యపురాలికి మీరు ఫోన్ చేయండి. మీవారు వియ్యంకుడితో మాట్లాడాలి. అల్లుడికి విడిగా చెప్పాలి. మెసేజ్ పెట్టి వదిలేస్తే మర్యాద తక్కువైందనుకుంటారు. అమ్మాయికి చెప్పడం అన్నిటికన్నా చివర.

ఫోన్ ఎత్తగానే "పంపిస్తారా" అనకండి. "వదినగారూ, దసరా మీ ఇంట్లో ఎలా చేసుకుంటారు?" అని అడగండి. ఇది వాళ్లకూ కోడలితో తొలి దసరా. కొత్త జంటతో జమ్మి పెట్టించాలని, అందరిళ్లకూ తీసుకెళ్లాలని వాళ్లకూ ఉంటుంది. అందుకే దసరా వాళ్లకు వదిలేసి, మీరు సద్దుల బతుకమ్మను అడగండి. మీ పక్కనే ఉన్న వేములవాడలో సద్దులు తొమ్మిదో రోజు కాకుండా ఏడో రోజే ఆడతారు కదా. ఆడపిల్ల అత్తగారింట్లోనూ పుట్టింట్లోనూ ఆడుకోవాలనే అలా పెట్టారని చెబుతారు. ఈ పంపకం మన పెద్దవాళ్లకు కొత్తేం కాదు.

సద్దుల మర్నాడే దసరా వచ్చినా ఇబ్బంది లేదు. పొద్దున బయల్దేరితే సాయంత్రం జమ్మి వేళకు హైదరాబాద్‌లో ఉంటారు. తీసుకురావడానికి మీ అబ్బాయిని పంపండి. దించి రావాల్సిందీ తనే. ఏ రోజు తెస్తారో, ఏ రోజు దించుతారో ఫోన్‌లోనే చెప్పేస్తే వాళ్లకు అనుమానం ఉండదు.

అయినా కుదరదంటే పట్టుబట్టకండి. దసరా అయ్యాక మీరిద్దరే బట్టలు, జమ్మి తీసుకుని వాళ్లింటికి వెళ్లండి. వియ్యాలవారి చేతిలో బంగారం పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాక అడిగితే ఆ మాట వేరుగా ఉంటుంది.

అమ్మాయికి ఈసారి "నువ్వు రాకపోతే మాకు పండగే లేదు" అని మాత్రం రాయకండి. అటు అత్తగారికీ ఇటు మీకూ మధ్య నలిగిపోతుంది. వాళ్లు ఒప్పుకున్నాక ఇలా రాస్తే చాలు:

"చిట్టితల్లీ, నీకూ అల్లుడికీ దసరా శుభాకాంక్షలు. మీ అత్తయ్యతో మాట్లాడాను, సద్దులకు పంపుతామన్నారు. ముందురోజు తమ్ముడు వస్తాడు. తంగేడు, గునుగు నేను తెప్పించి పెడతా, పేర్చేది మాత్రం నువ్వే."